స్క్రీన్‌షాట్‌లో ఇరుక్కున్న 23 ముక్కల థ్రెడ్: వరస చెడకుండా బ్లాగు పోస్టు చేసిన కేసు

పాత ఫొటోలను స్కాన్ చేసి దాచుకోవడం గురించి ఒకావిడ సోషల్ మీడియాలో పెద్ద థ్రెడ్ రాశారు. 23 ముక్కలు. తర్వాత ఆ అకౌంట్ పోయింది, ఎలా పోయిందన్నది ఇక్కడ అనవసరం. చివరికి మిగిలింది ఎప్పుడో ఒక స్నేహితురాలు ఫోన్‌లో తీసి పెట్టుకున్న పొడవాటి స్క్రోలింగ్ స్క్రీన్‌షాట్ ఒక్కటే. దాన్ని హెడింగులతో చదవడానికి వీలుగా బ్లాగు పోస్టు చేసిపెట్టమని నా దగ్గరకు వచ్చారు. షరతు ఒక్కటే పెట్టారు: "నేను చెప్పిన వరస మారకూడదండీ."

ఆ షరతు అప్పట్లో చాలా తేలికగా అనిపించింది. బొమ్మలో పైనుంచి కిందకి ఉన్నదే వరస కదా, ఇందులో మార్చడానికి ఏముంది అనుకున్నా. ఈ కేసు రాసి పెడుతున్నది ఆ ఒక్క అపోహ కోసమే.

చేతికి వచ్చింది ఏమిటి

మొదట వచ్చిన ఫైలు పనికిరాలేదు. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫొటోలా పంపారు. యాప్ పొడవు వైపు చూసి మొత్తాన్నీ కుదించేసింది, దాంతో వెడల్పు వంద పిక్సెళ్ల లోపుకు పడిపోయింది. ఎంత పెద్దది చేసి చూసినా అక్షరాల చోట బూడిద రంగు చారలే. అలాంటి ఫైలును షార్ప్ చేసే టూల్స్‌తో బాగు చేద్దామని కూర్చుంటే రోజు పోతుంది తప్ప అక్షరాలు రావు. లేని పిక్సెళ్లను ఎవరూ తేలేరు. అదే బొమ్మను డాక్యుమెంట్‌గా పంపమన్నాను, అసలు పీఎన్‌జీ వచ్చింది: వెడల్పు 1080, పొడవు దాదాపు 19,400 పిక్సెళ్లు.

తెరిచి చూస్తే డార్క్ మోడ్, అంటే నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు. ఎడమ పక్క ప్రతి ముక్కకీ ప్రొఫైల్ బొమ్మ, ఒక బొమ్మ నుంచి కింది బొమ్మకి నిలువు గీత. ప్రతి ముక్క చివర 1/23, 2/23 అని ఆవిడే వేసుకున్న నంబర్లు. థ్రెడ్ అయిపోయాక అడుగున వేరేవాళ్ల జవాబులు, మధ్యమధ్య ఆవిడ ఇచ్చిన బదులు.

పని మొదలుపెట్టే ముందు అడిగింది రెండే ప్రశ్నలు. అసలు పాఠం ఇంకెక్కడైనా ఉందా, డ్రాఫ్టులూ నోట్సూ ఏమైనా? లేవన్నారు. ఉండి ఉంటే ఈ స్క్రీన్‌షాట్ జోలికే వెళ్లేవాణ్ణి కాదు. రెండోది, అడుగున జవాబులు రాసినవాళ్ల అనుమతి ఉందా? లేదు. కాబట్టి వాళ్ల పేర్లు, వాళ్ల మాటలు యథాతథంగా వేయకూడదని అక్కడే తేల్చుకున్నాం. ఆవిడ ఇచ్చిన బదులు మాత్రం ఆవిడ సొత్తే.

మొదటి ప్రయత్నం: బొమ్మ మొత్తాన్ని ఓసీఆర్‌కి అప్పగించడం

బద్ధకం అనండి, ఆశ అనండి, మొత్తం బొమ్మను ఒకేసారి టెసెరాక్ట్‌కి ఇచ్చాను, బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే ఓసీఆర్ ప్రోగ్రామ్ అది. పాఠం వచ్చింది, కానీ ముక్కకి ముక్కకి మధ్య గోడలు లేవు. ఒక వాక్యం సగంలో లైకుల సంఖ్య, దాని పక్కన "3గం", ఆ వెంటనే ప్రొఫైల్ బొమ్మలోంచి పుట్టిన ఏవో పిచ్చి అక్షరాలు, ఆ తర్వాత మిగతా సగం వాక్యం. పై నుంచి కిందకి తీసేసుకుంటూ పోవచ్చు అనిపిస్తుంది గానీ, ఏది ఆవిడ రాసిన అంకె, ఏది లైకుల అంకె అన్నది పాఠం చూసి చెప్పలేం. స్కానింగ్ థ్రెడ్ కదా, అంకెలే ప్రాణం. 300 అని ఉంటే అది రిజల్యూషనా, లైకులా?

అంతకంటే భయపెట్టింది ఇంకోటి. ఎనిమిదో ముక్కలో ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫొటో గురించి ఆవిడ రాసింది: "ఒక మూల పట్టుకుని లాగి పీకొద్దు." ఓసీఆర్ ఇచ్చింది: "ఒక మూల పట్టుకుని లాగి పీకొచ్చు." ద్ద, చ్చ రెండూ చిన్న సైజులో, అదీ కింది వత్తు మసకబారితే, దాదాపు ఒకలాగే కనిపిస్తాయి. ఫలితం మాత్రం పూర్తిగా తలకిందులు. అచ్చుతప్పు అయితే చదివేవాడికి తప్పని తెలుస్తుంది, సర్దుకుంటాడు. ఇది తప్పులా కనిపించదు, చక్కటి తెలుగు వాక్యంలా కనిపిస్తుంది, స్పెల్ చెకర్ కూడా పట్టుకోదు. తెలుగులో జాగ్రత్తలు చెప్పే ఏ పాఠాన్ని ఓసీఆర్ చేసినా చివర్లో "ొద్దు", "ొచ్చు" రెండింటినీ వెతికి, ఒక్కొక్కదాన్నీ బొమ్మతో కంటితో సరిచూడటం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది. ఈ థ్రెడ్‌లో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి, రెండు తప్పుగా వచ్చాయి.

రెండో ప్రయత్నం: విషయాన్ని బట్టి సర్దడం

ఓసీఆర్‌ని పక్కన పెట్టి కంటితో చూసి టైప్ చేశాను. కూర్చుంటే ఒక పూట పని. అక్కడిదాకా బాగానే ఉంది. పొరపాటు ఆ తర్వాత చేశాను: ముందు హెడింగులు రాసుకుని, ఏ ముక్క ఏ హెడింగు కిందకి వస్తుందో అలా చేర్చుకుంటూ పోయాను. ఆల్బమ్ నుంచి తీయడం, శుభ్రం చేయడం, స్కానింగ్, ఫైళ్ల పేర్లు, బ్యాకప్. ఎడిటర్ బుర్ర ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది, చెదిరినవి కనిపిస్తే చేతులు ఊరుకోవు.

19వ ముక్కలో ఆవిడ మళ్లీ ఆల్బమ్ సంగతి ఎత్తుకున్నారు. ఏడో ముక్కలో జిగురు వదలడానికి హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టమన్నారు. 19కి వచ్చేసరికి, "7లో వేడి గాలి అన్నాను కదా, అది ఆఖరి ప్రయత్నంగానే. ముందు పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక నుంచి మెల్లగా జరపండి" అని సవరించారు. నేను ఏం చేశానంటే, 19ని తెచ్చి ఏడు పక్కన పెట్టి, రెండూ కలిపి ఒక చక్కటి పేరా చేశాను. చదవడానికి హాయిగా ఉంది, నాకు నేనే శభాష్ అనుకున్నా.

ఆవిడ చదివి, "ఇది నేను చెప్పింది కాదండీ" అన్నారు. నిజమే. థ్రెడ్‌లో ఆవిడ మొదట వేడి గాలి చెప్పారు, మధ్యలో ఎవరో అడిగారు, ఆలోచించుకుని మాట మార్చుకున్నారు. నా పేరాలో ఆవిడ మొదటి నుంచీ అన్నీ తెలిసిన మనిషిలా మాట్లాడుతున్నారు. అదొక్కటే కాదు, 20వ ముక్క "ఇప్పుడే చెప్పిన దారం సంగతి లాగే, బ్యాకప్‌లోనూ తొందర పనికిరాదు" అని మొదలవుతుంది. 19ని నేను పైకి లాగేసరికి ఆ "ఇప్పుడే చెప్పిన" గాల్లో వేలాడింది. ఇలాంటి కొక్కేలు థ్రెడ్ నిండా ఉంటాయి: ఇందాక, పైన, ఈ మూడింట్లో, ఇక రెండోది. ముక్కను కదిపితే కొక్కెం ఊడుతుంది, చాలాసార్లు ఊడిన సంగతి మనకి తెలియను కూడా తెలియదు. ఆ డ్రాఫ్టు మొత్తం పడేశాను.

మూడోసారి: ముందు వరస, తర్వాతే పాఠం

ఈసారి పాఠం జోలికి పోకుండా ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఒక్కో ముక్కకి ఒక్కో వరస. గడులు నాలుగే: బొమ్మలో ఎన్నోది, ఆవిడ వేసిన నంబరు, బొమ్మలో ఎన్నో పిక్సెల్ దగ్గర మొదలైంది, మొదటి నాలుగు మాటలు. ఒక్క ముక్క కూడా పూర్తిగా చదవకుండా కింద దాకా దిగాను.

ఇక్కడ రెండు గమ్మత్తులు బయటపడ్డాయి. పదకొండో ముక్క చివరి రెండు లైన్లు రెండుసార్లు ఉన్నాయి, మధ్యలో యాప్ పైభాగంలో ఉండే పట్టీ అడ్డంగా పడి ఉంది. ఇది ఫోన్ అతుకు. స్క్రోలింగ్ స్క్రీన్‌షాట్ అంటే చాలా చిన్న స్క్రీన్‌షాట్లను ఫోనే అతికించడం, అతికేటప్పుడు కొంత భాగం రెండుసార్లు పడొచ్చు, లేదా ఒకటి రెండు లైన్లు మింగేయొచ్చు. రెండుసార్లు పడితే గుర్తుపట్టడం సులువు, అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు ఉంటాయి. ఒకదాన్ని కొట్టేశాను.

రెండోది నంబర్లలో. 13, 14, మళ్లీ 14, 15, 16, ఆపైన 18. పదిహేడు లేదు. మొదటి ఆలోచన ఏం వస్తుంది? 14 అతుకు దగ్గర రెండుసార్లు పడింది, 17ని అతుకు మింగేసింది. అప్పుడే పదకొండులో అతుకు చూసి ఉన్నాను కాబట్టి ఆ అనుమానం ఇంకా బలంగా తగిలింది. ఒక 14ని కొట్టేసి, 17 చోట "ఈ భాగం దొరకలేదు" అని రాయడానికి సిద్ధపడ్డాను కూడా.

ఆపింది స్ప్రెడ్‌షీట్. రెండు 14లకీ మొదటి నాలుగు మాటలు వేరు. ఒకటి ఫైలు పేరు ముందు సంవత్సరం ఎందుకు పెట్టాలో చెబుతుంది, రెండోది సంవత్సరం తెలియకపోతే ఏం చేయాలో చెబుతుంది. అంటే నకలు కాదు. మరి 17? మొదటి గడి చూశాను. రెండో 14 నిజానికి పదిహేనో ముక్క, 15 అని ఉన్నది పదహారోది, 16 అని ఉన్నది పదిహేడోది, 18 అని ఉన్నది పద్దెనిమిదోదే. అక్కడి నుంచి నంబరూ స్థానమూ కలిసిపోయాయి, చివరికి 23 ముక్కలూ ఉన్నాయి. 16, 18 మధ్య నిలువు గీత కూడా ఎక్కడా తెగలేదు, అక్షరాల మధ్య సగం కోసిన లైనూ లేదు. ఆవిడ ఒకచోట నంబరు తప్పి, కాసేపటికి గమనించుకుని ఒకటి దాటేసి లెక్క సరిచేసుకున్నారన్నమాట. అడిగితే నవ్వారు, "అవునండీ, అప్పుడు ఎడిట్ చేసే వీలు లేదు" అన్నారు.

పోయిందనుకున్నది పోలేదు, నకలనుకున్నది నకలు కాదు. పాఠంతో మొదలుపెట్టి ఉంటే ఒక నిజమైన ముక్కను నేనే కొట్టేసి, లేని ముక్క కోసం వెతుక్కునేవాణ్ణి. ఆ తర్వాత ఆవిడ నంబర్లను పక్కన పెట్టి, స్థానం నంబర్లనే అసలు గుర్తులుగా తీసుకున్నాను: 01 నుంచి 23.

పాఠం తీయడం

ఇప్పుడు ఓసీఆర్‌కి మళ్లీ పని చెప్పాను, కానీ ఒక్కో ముక్కకి విడివిడిగా. ఎడమవైపు ప్రొఫైల్ బొమ్మల పట్టీని వదిలేసి, కింద లైకుల వరస రాకుండా కోసి, రంగులు తిరగేసి, రెండింతలు పెంచి ఇచ్చాను. ఏడో ముక్కకి ఇలా:

```
magick thread.png -crop 900x760+150+5210 +repage -negate -colorspace Gray -resize 200% 07.png
tesseract 07.png 07 -l tel+eng --psm 6
```

`--psm 6` అంటే బొమ్మ మొత్తం ఒకే పాఠం గడి అని చెప్పడం, కాలమ్‌ల కోసం వెతకొద్దని. బొమ్మను పెంచింది వత్తుల కోసం. వత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి, లైను అడుగున ఉంటాయి, మొదట నష్టపోయేది అవే. కోసేటప్పుడు కూడా కింది అంచు చివరి లైనుకి మరీ దగ్గరగా పెడితే వత్తులే తెగుతాయి, కాబట్టి కాస్త ఖాళీ వదలాలి.

ఇలా తీసిన పాఠంలో మిగిలిన తప్పులు ఊహించగలిగేవే. 600లో సున్నాలు ఇంగ్లీషు అక్షరాలయ్యాయి. ఇంకోటి తెలుగువాళ్లకే అర్థమయ్యే బాధ: "ఆల్బమ్‌లో" అని ఉన్నచోట "ఆల్బమ్లో" వచ్చింది, మకి లావత్తు తగిలించి. పొల్లు తర్వాత కనిపించని విడదీసే గుర్తు ఒకటి టైప్ చేస్తాం కదా, U+200C, అది బొమ్మలో ఉండదు, కాబట్టి ఓసీఆర్‌కి దొరకదు. స్కానర్, ఫోల్డర్, ఫైల్, ఆల్బమ్ లాంటి మాటల జాబితా ఒకటి రాసుకుని, వాటి వెనక వచ్చే విభక్తుల దగ్గర ఆ గుర్తు తిరిగి పెట్టాను. అన్నిటికీ ఒకేసారి మార్పు కొట్టాలని చూస్తే "మళ్లీ"లోని లావత్తు కూడా విడిపోయే ప్రమాదం ఉంది, అందుకే మాట మాటకీ చేశాను.

అంకెలు మాత్రం ఏ టూల్‌నీ నమ్మలేదు. ప్రతి అంకెనీ బొమ్మలో చూసి, అర్థంతోనూ సరిచూశాను. పన్నెండో ముక్కలో "4×6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు" అని ఉంది. నాలుగు ఆరొందలు రెండువేల నాలుగు వందలు, లెక్క కుదిరింది, అంటే 600 సరిగానే చదివాను. సరిచూసుకోవడానికి ఇలాంటి లెక్క పాఠంలోనే దొరకడం అదృష్టం.

హెడింగులు ఎక్కడ

మొదటి విడత పదకొండు హెడింగులు పెట్టాను, రెండు ముక్కలకో హెడింగు పడి కరపత్రంలా తయారైంది. నాకు నేనే పెట్టుకున్న నియమం ఇది: పాఠం కదలదు, హెడింగే వెళ్లి రెండు మాటల మధ్య దూరాలి. కాబట్టి ఆవిడ ఎక్కడ మలుపు తిరిగారో వెతికాను. "సరే, ఫొటోలు బయటికొచ్చాయి. ఇప్పుడు స్కానర్" అని ఒకచోట, "స్కాన్ అయింది, ఇక పేర్ల గొడవ" అని ఇంకోచోట, ఆవిడే చెబుతున్నారు. అలాంటివి నాలుగు దొరికాయి, వాటితో అయిదు భాగాలు. హెడింగుల మాటలు కూడా సాధ్యమైనంత వరకు ఆవిడవే. "ఫైల్ నామకరణ విధానం" అని నేను పెట్టిన దానికంటే "ఇక పేర్ల గొడవ" ఎంత బాగుందో చూడండి.

ఒకటి తలనొప్పి పెట్టింది. పదమూడో ముక్కలో మొదటి వాక్యం స్కానింగ్ ముగింపు, రెండో వాక్యం పేర్ల గొడవ మొదలు. అక్షరాల పరిమితి వల్ల రెండూ ఒకే ముక్కలో పడ్డాయి. ముక్కను చీల్చి మధ్యలో హెడింగు పెట్టాను. నియమం ముక్కను చీల్చవద్దని కాదు కదా, వరస మార్చవద్దని. అదే లెక్కన పరిమితి వల్ల సగంలో తెగి తర్వాతి ముక్కలోకి పోయిన వాక్యాలను కలిపేశాను, చివర్న ఉన్న చుక్కలూ 7/23లూ తీసేశాను. అవి ఆవిడ చెప్పినవి కావు, వేదిక చెప్పించినవి.

మరి 19లోని సవరణ? అది 19 చోటే ఉంది. కానీ బ్లాగు చదివేవాళ్లు థ్రెడ్ చదివినట్టు చివరిదాకా రారు, తమకు కావలసిన హెడింగు చూసుకుని, ఆ భాగం చదివి, లేచిపోయి హెయిర్ డ్రయ్యర్ ఆన్ చేస్తారు. ఎక్కువ వేడికి ఫొటో పైపొర పాడైతే మళ్లీ రాదు. అందుకని ఏడో ముక్క పక్కనే ఒక్క లైను పెట్టాను: "ఈ పద్ధతిని రచయిత తర్వాత సవరించారు, చేసే ముందు కింద బ్యాకప్ భాగం మొదట్లో ఉన్న దారం సంగతి చదవండి", దానికి లింకు. వరస కదల్లేదు, ఫొటో కూడా పాడవదు. ఆవిడ ఈ లైనుకి వెంటనే ఒప్పుకున్నారు.

అడుగున ఉన్న జవాబుల్లో ఆవిడవి నాలుగు బదులున్నాయి. అవి వచ్చిన సమయం ప్రకారం మధ్యలో ఎక్కడో ఇరికించవచ్చా అని చూశాను. కుదరదు. స్క్రీన్‌షాట్‌లో సమయాలు "3గం", "2గం" అనే ఉన్నాయి, తీసిన క్షణం నుంచి వెనక్కి లెక్క అది. ఒకే "3గం" కింద ఉన్న రెండింటిలో ఏది ముందో తెలియదు. పైగా జవాబులను ఆ వేదిక సమయం ప్రకారం కాకుండా ఆదరణ ప్రకారం పేరుస్తుంది. అక్కడ పైన ఉన్నంత మాత్రాన ముందు రాసినట్టు కాదు. కాబట్టి "తర్వాత అడిగినవి" అని చివర ఒక హెడింగు పెట్టి, ప్రశ్నలను పేర్లు లేకుండా నా మాటల్లో కుదించి, బదులు ఆవిడ మాటల్లో ఉంచాను. ఈ నాలుగింటి మధ్య వరస ఖచ్చితం కాదని అక్కడే ఒక లైను.

సరిచూడటం

పని జరుగుతున్నంత సేపూ ప్రతి ముక్క మొదట్లో హెచ్‌టీఎమ్ఎల్ కామెంటుగా స్థానం నంబరు ఉంచాను, పాఠకుడికి కనపడదు. ఎడిటింగ్‌లో పేరాలు కలిపినా చీల్చినా ఆ గుర్తు అక్కడే ఉంటుంది. చివర్లో ఈ రెండు లైన్లు:

```
grep -o '<!-- [0-9]* -->' post.html | sort -cu
grep -o '<!-- [0-9]* -->' post.html | wc -l
```

మొదటిది ఏమీ చెప్పకుండా ఊరుకుంటే వరస సరిగా ఉన్నట్టు, నకళ్లు కూడా లేనట్టు. నంబర్లు 07, 08 అని రెండేసి అంకెల్లో ఉండాలి, లేకపోతే 10 వచ్చి 2 ముందు కూర్చుంటుంది. రెండోది 23 చెప్పాలి. మొదటిసారి 22 అంది. పేరాలు కలిపేటప్పుడు పదహారో ముక్క కాపీ చేసి అతికించడం మరిచిపోయాను. మూడుసార్లు చదివాను ఆ డ్రాఫ్టుని, ఒక్కసారీ కనపడలేదు, ఎందుకంటే 15 నుంచి 17కి వాక్యం హాయిగా సాగిపోయింది.

మిగిలిపోయింది

తొమ్మిదో ముక్క బొమ్మలో పూర్తిగా లేదు. "దుమ్ము తీయడానికి మూడు దారులు. ఒకటి, మెత్తటి బ్రష్. రెండు, గాలి కొట్టే రబ్బరు బల్బు. మూడు…" అన్నాక "ఇంకా చూపించు". స్క్రీన్‌షాట్ తీసినప్పుడు దాన్ని నొక్కలేదు. పదో ముక్క "వీటిలో రెండోదే నేను వాడేది" అని మొదలవుతుంది కాబట్టి, మూడోది ఏదైనా వ్యాసం నడక ఆగదు. రెండు దారులని మార్చేసి ఎవరికీ తెలియకుండా సర్దేయొచ్చు కూడా. ఆవిడని అడిగాను, రెండు రోజులు ఆలోచించి గుర్తు రాలేదన్నారు. పోనీ ఇప్పుడు ఏదో ఒకటి రాయమంటారా అని ఆవిడే అడిగారు. రాస్తే ఇవాళ్టి మాట అని తెలిసేలా రాద్దాం అన్నాను.

ఇప్పుడు ఆ చోట చదరపు బ్రాకెట్లలో ఇలా ఉంది: [మూడోది స్క్రీన్‌షాట్‌లో తెగిపోయింది. అప్పుడు ఏం రాశానో నాకూ గుర్తు లేదు.]